విషయం: వచ్చే నెల చదవడానికి గ్రిమ్ సోదరుల కథలు

మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే నెల రెండో ఆదివారం సమావేశానికి గ్రిమ్ సోదరుల జర్మన్ జానపద కథలు తీసుకుందామని నా ప్రతిపాదన. పిల్లల పుస్తకమని కొట్టిపారేయకండి. రెండు వందల కథలూ అక్కర్లేదు, ఈ ఆరూ చాలు: సిండ్రెల్లా, స్నో వైట్, హాన్సెల్-గ్రెటెల్, రంపెల్‌స్టిల్ట్‌స్కిన్, ఫ్రౌ ట్రూడె, మొండి పిల్ల. చివరిది అర పేజీ కూడా ఉండదు. ముందు అదే చదవండి.

ఈ సంపుటాలు 1812లో, 1815లో వెలువడ్డాయి. ఆ తర్వాత 1857 నాటి ఏడో ముద్రణ దాకా విల్హెల్మ్ గ్రిమ్ కథలను దిద్దుతూనే వచ్చాడు. పిల్లల కోసం మెత్తబరిచాడని మనం అనుకుంటాం. రపుంజెల్ గర్భవతి అయిన సంగతిని కప్పిపుచ్చిన మాట నిజమే. కానీ శిక్షల విషయంలో చెయ్యి వెనక్కి తీయలేదు. 1812లో రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కోపంతో పారిపోతాడంతే. తర్వాతి ముద్రణల్లో తనను తానే రెండుగా చీల్చుకుంటాడు. సిండ్రెల్లా పెళ్లికి వచ్చిన సవతి అక్కలకు చర్చిలోకి వెళ్లేటప్పుడు ఒక కన్ను, బయటికి వచ్చేటప్పుడు రెండో కన్ను పావురాలు పొడిచేస్తాయి. మొదటి ముద్రణలో ఈ ముగింపే లేదు! నన్ను ఈ పుస్తకం దగ్గరికి లాగింది ఇదే.

చర్చకు కొన్ని ప్రశ్నలు:

పావురాలు లేకపోతే సిండ్రెల్లా కథకు ఏం తక్కువైంది? ఆ శిక్ష చదివినప్పుడు మీకు తృప్తి కలిగిందా? నిజం చెప్పాలి సుమా.

స్నో వైట్ పెళ్లిలో రాణి కాలిన ఇనుప చెప్పులతో చచ్చేదాకా నాట్యం చేయాలి. 1812లో ఆ రాణి కన్నతల్లి. 1819 నుంచి సవతి తల్లి. ఈ ఒక్క మార్పుతో ఆ శిక్ష మనకు ఒప్పుదల అవుతోందా?

మొండి పిల్ల చనిపోయాక సమాధిలోంచి చెయ్యి పదే పదే పైకి వస్తుంది. తల్లి వచ్చి బెత్తంతో కొడితే గానీ లోపలికి పోదు. ఇది ఎవరి భయం, పిల్లలదా, పెద్దలదా?

ఫ్రౌ ట్రూడె అనే మంత్రగత్తె తన ఇంటికి వచ్చిన అమ్మాయిని కట్టెగా మార్చి మంటలో వేసి చలి కాచుకుంటుంది. కథ అక్కడే ఆగిపోతుంది. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని దీన్ని ముగించగలమా? మీ అమ్మమ్మలు చెప్పిన కథల్లో ఇలా ఓదార్పు లేకుండా ఆగినవి ఉంటే తప్పక తీసుకురండి.

మార్గరెట్ హంట్ 1884లో చేసిన ఇంగ్లీషు అనువాదం ఉచితంగా దొరుకుతుంది. మొదటి ముద్రణకు జాక్ జైప్స్ అనువాదం (2014) ఉంది. నా ప్రతి అడిగినవారికి ఇస్తాను.

గురువారంలోగా మీ అభిప్రాయం రాయండి. అలాగే, ఎప్పటిలా పిల్లలను వెంట తెచ్చేవారు ఈసారి వాళ్లను పక్క గదిలో ఆడుకోనివ్వాలో, మనతో కూర్చోబెట్టుకోవాలో కూడా చెప్పండి. నేనైతే కూర్చోబెట్టుకుందామనే అంటాను.

లలిత