6 గంటల 8 నిమిషాలు, చివర్లో చాలా దూరం నడిచాను

ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ పూర్తి చేశాను. 42.195 కిలోమీటర్లు. ఇది రాస్తున్నది మంగళవారం రాత్రి. ఇప్పటికీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని వెనక్కి తిరిగి ఒక్కొక్కటే దిగుతున్నాను. మెడల్ ఫోటో పెట్టాక రెండు రోజులుగా ఫోన్లు, మెసేజీలు ఆగడం లేదు. అందరికీ పేరుపేరునా థాంక్స్. కానీ ఆ ఫోటో చూసి "ఎంత ఈజీగా కొట్టేశావే" అని మా పిన్ని అన్నప్పటి నుంచి మనసులో ఒకటే తొలుస్తోంది. ఈజీగా ఏమీ జరగలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించింది.

నాకు 43. మూడేళ్ల క్రితం షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెబితే నడక మొదలుపెట్టాను, కేబీఆర్ పార్కు చుట్టూ. ఆ నడకే మెల్లగా పరుగైంది. తర్వాత పది కిలోమీటర్లు, రెండు హాఫ్ మారథాన్లు అయ్యాయి. హాఫ్ రెండుసార్లు చేశాను కదా, ఫుల్ అంటే దానికి రెట్టింపే కదా అనుకున్నాను. అలా లెక్కేసుకోవడమే తప్పని ఇప్పుడు తెలిసింది. మొదటి 30 కిలోమీటర్లు ఒక పరుగు, ఆ తర్వాతి 12 పూర్తిగా వేరే పరుగు.

ట్రైనింగ్ కూడా అనుకున్నట్టు సాగలేదు. ఏప్రిల్‌లో ఎడమ మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి మొదలై నాలుగు వారాలు పోయాయి. ఫిజియో మేడమ్ పరుగు మాన్పించి రోజూ పిక్కలకు, తుంటికి వ్యాయామాలు చేయించింది. దాంతో రేసుకు ముందు ఎలాగైనా చేయాలనుకున్న 32 కిలోమీటర్ల లాంగ్ రన్ కుదరలేదు. 28తో ఆగిపోయాను. ఆ మిగిలిన నాలుగు కిలోమీటర్లు ఆదివారం నన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

రేసు రోజు రెండు గంటలకే లేచాను. అసలు నిద్ర పడితే కదా లేవడానికి. అత్తయ్య అప్పటికే వంటింట్లో ఉంది. ముందు రోజే చెప్పాను, నేనే ఏదో ఒకటి తినేసి వెళ్తాను, మీరు లేవకండి అని. వినలేదు. రాగి జావ పలచగా కాచి, రెండు గ్లాసుల్లోకి మార్చి మార్చి పోస్తూ చల్లారుస్తోంది. "ఖాళీ కడుపుతో అంత దూరం ఎట్లా ఉరుకుతవ్ బిడ్డా" అంటూ పక్కనే నిలబడి తాగించింది. మొదట్లో "ఈ వయసులో ఈ ఉరుకులేంది" అన్నది కూడా ఆమే. అందుకే ఆ గ్లాసు నాకు మెడల్ కంటే తక్కువేమీ కాదు.

పీపుల్స్ ప్లాజాలో చీకట్లో స్టార్ట్. అన్ని వేల మంది, ఆ మ్యూజిక్, హుస్సేన్ సాగర్ మీంచి గాలి... ఒళ్లంతా పులకరించిపోయింది. అక్కడే పెద్ద తప్పు చేశాను. మా రన్నింగ్ గ్రూపులో సీనియర్లు నెలల తరబడి చెప్పిన మాట, మొదటి పది కిలోమీటర్లు మరీ మెల్లగా వెళ్తున్నామే అనిపించేంత మెల్లగా వెళ్లమని. నేనేమో ఒకే వేగంతో పరుగెత్తుతూ మమ్మల్ని నడిపించే పేసర్‌ని దాటేసి ముందుకెళ్లిపోయాను. కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, వాచీలో పేస్ చూసి సంబరపడ్డాను. ఈ ఊళ్లో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు ఎలా ఉంటాయో కారులో తిరిగేవాళ్లకు తెలియదు, కాళ్లకు తెలుస్తుంది. ఆగస్టు ఉక్క ఒకటి. ఎండ రాకముందే టీషర్ట్ పిండితే నీళ్లు కారేలా తడిసిపోయింది.

కేబుల్ బ్రిడ్జి మీద మాత్రం నిజంగా బాగుంది. కింద దుర్గం చెరువు, పక్కన ఎవరో పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, ఒక్క మాటా లేకుండా నాతో అడుగు కలిపి పరుగెత్తారు. సగం దూరం 2 గంటల 32 నిమిషాల్లో అయిపోయింది. ఐదున్నర గంటల్లోపు ఇంటికెళ్తానని అక్కడ గట్టిగా నమ్మాను.

30 దాటాక ఒక్కసారిగా అంతా పోయింది. ఒంట్లో శక్తి కోసం దాచుకున్న గ్లైకోజెన్ దాదాపు ఆ దూరానికి అడుగంటుతుందని, దాన్నే రన్నర్లు 'వాల్' అంటారని చదివాను, విన్నాను. చదవడం వేరు. మొదట చేతులు బరువెక్కాయి. కిలోమీటర్ బోర్డు మీద అంకె కనిపిస్తోంది కానీ ఇంకా ఎంత ఉందో తీసివేత చేయలేకపోయాను. బ్యాంకులో రోజంతా లెక్కలు చూసే మనిషిని, 42 లోంచి 32 తీయలేకపోయాను. భయం వేసింది. దానికి తోడు దాహమేసినప్పుడల్లా ఉత్త నీళ్లే తాగుతూ వచ్చాను. ఉప్పు కలిసినవి తీసుకోవాలన్న సంగతే మర్చిపోయాను. 33 దగ్గర కుడి పిక్క పట్టేసింది. రాయిలా బిగుసుకుపోయింది. ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడ్చాను. తొమ్మిది కావస్తోంది, ఎండ నెత్తి మీదికొచ్చింది, కాస్త దూరంలో అంబులెన్స్ ఆగి ఉంది. లేచి అందులోకి ఎక్కేద్దామని నిర్ణయించేసుకున్నాను కూడా. ఈ మాట మా ఆయనకి కూడా నిన్ననే చెప్పాను.

అప్పుడు నీళ్ల స్టాల్ దగ్గర ఉన్న వాలంటీర్ అమ్మాయి పరుగున వచ్చింది. ఇంజినీరింగ్ చదువుతున్నట్టుంది, ఇరవై కూడా ఉండవేమో. ఏమీ అడగలేదు. రోడ్డు మీదే కూర్చుని నా కాలు తన ఒళ్లో పెట్టుకుంది, మునివేళ్లను నా వైపుకి వంచి పట్టుకుని ఇంకో చేత్తో పిక్క మీద ఐస్ రుద్దింది. నిమ్మ చెక్క ఉప్పులో అద్ది నోట్లో పెట్టింది. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించింది. పట్టు వదిలాక చూస్తే నా షూ లేసు ఊడిపోయి ఉంది. నేను వంగబోతే "ఆంటీ, మీరు వంగకండి, మళ్లీ పట్టేస్తుంది" అని తనే రెండు ముళ్లు వేసి కట్టింది. "ముందు ఆ చెట్టు దాకా నడవండి, ఎక్కాలనిపిస్తే అప్పుడు ఎక్కుదురు గాని" అంది.

ఆ చెట్టు దాకా నడిచాను. తర్వాత ఇంకో కరెంటు స్తంభం దాకా.

మిగిలిన తొమ్మిది కిలోమీటర్లలో పరుగెత్తింది రెండు కూడా ఉండదు. మారథాన్ అంతా పరుగెత్తానని ఎవరైనా అనుకుంటే, లేదు. 36 దగ్గర మా చిన్నోడు కనిపించాడు, పదో తరగతి, ఆదివారం పది దాకా లేవని పిల్లాడు. ఒక్క మాట మాట్లాడలేదు, ఫుట్‌పాత్ మీద నా పక్కనే దాదాపు కిలోమీటర్ నడిచాడు. గ్రూపులో ముందే ఫినిష్ చేసిన ఇద్దరు, మెడలో మెడల్స్‌తోనే, నా కోసం 40 దాకా వెనక్కి వచ్చారు. వాళ్ల కాళ్లు కూడా అప్పటికి 42 చేసినవే. ఈ ఐదు నెలలు ఆదివారం పొద్దున్నే ఇల్లు, వంట చూసుకున్న మా ఆయన ఫినిష్ లైన్ దగ్గర నన్ను చూసి చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోయారు. ఫిజియో మేడమ్‌కి, ప్రతి చౌరస్తాలో ట్రాఫిక్ ఆపి "నడువమ్మా, అయిపోవచ్చింది" అన్న కానిస్టేబుల్ అన్నలకి, ముక్కూ మొహం తెలియకపోయినా బాల్కనీల్లోంచి కేకలేసిన వాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఆ వాలంటీర్ అమ్మాయి పేరు అడగలేదు. అడిగేంత తెలివి అప్పుడు నాలో లేదు, ఆ బాధ నన్ను వదలడం లేదు. 33వ కిలోమీటర్ దగ్గర డ్యూటీ చేసినవాళ్లు మీకు ఎవరైనా తెలిస్తే దయచేసి ఈ పోస్ట్ చేరవేయండి. నువ్వు కట్టిన ముడి చివరిదాకా ఊడలేదమ్మా. ఇంటికొచ్చాక విప్పడం నా వల్ల కాలేదు, అత్తయ్య కింద కూర్చుని విప్పింది.