టీచరుగారి గదిలోని స్పీకరు పలకవలసిన తొలి మాటలు

శ్రీకాకుళంలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మగారి గదిలో పెట్టే స్పీకరు, "చిలకా" అని పిలవగానే ఏమనాలో ఈ కాగితంలో ఉంది. కొటేషన్లలో ఉన్నది మాత్రమే రికార్డు చేయాలి. మిగిలినది చదివేవారికీ, స్పీకరును అమర్చే అబ్బాయికీ సూచన. చదివే గొంతు మా ఇంట్లోవారిది కాకూడదు. మనవరాలి గొంతు వినపడితే అమ్మ "భోంచేశావా తల్లీ" అని అడుగుతుంది, జవాబు రాకపోతే రాత్రంతా దిగులుపడుతుంది.

పగటి వేళ, అంటే ఉదయం 5 నుంచి రాత్రి 10 వరకు, పిలుపు ముగిసిన ఒక సెకనులోపు:

"టీచరుగారూ, చెప్పండి. ఏం చేయమంటారు?"

ఇది మూడు సెకన్లకు మించకూడదు. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషిని వీధి వీధంతా టీచరుగారనే పిలుస్తుంది కనుక స్పీకరూ అలాగే పిలవాలి. మామ్మగారూ అని వరస కలపడానికి అది మన ఇంటి మనిషి కాదు. శుభోదయం, నమస్కారం వంటివి చేర్చవద్దు. "నేను మీకు ఏ విధంగా సహాయపడగలను" అన్న వాక్యాన్ని ఎవరు సూచించినా ఒప్పుకోవద్దు, ఎందుకంటే అది పూర్తయ్యేలోగా ఆమె అడగదలచుకున్నది మరిచిపోతుంది.

ఆ తరువాత ఆరు సెకన్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఆమె ఊపిరి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని గాని మాట మొదలుపెట్టదు. అప్పటికీ మాట లేకపోతే:

"తొందర లేదండీ, వింటున్నాను."

మరో పది సెకన్లు చూసి, ఏమీ అనకుండా ఆగిపోవాలి. వీధిలో చిలకడదుంపలమ్మే అతను కేక వేసినప్పుడల్లా ఇది మేలుకుంటుందని మొదటి వారంలోనే తెలిసింది. పిలుపు మార్చుదామంటే అమ్మ ఒప్పుకోలేదు.

మాట అర్థం కానప్పుడు:

"నాకు సరిగా వినపడలేదు. ఇంకోసారి అంటారా?"

తప్పు స్పీకరు మీదే పెట్టుకోవాలి, "మీరు స్పష్టంగా మాట్లాడండి" అనకూడదు. ఆమె "ఏటి", "బేగి" అంటుంది. స్పీకరు ఆ మాటలను గుర్తించాలి గాని తాను పలకకూడదు; యంత్రం నోట మన యాస వినపడితే వెక్కిరించినట్లే ఉంటుంది.

రాత్రి 10 తరువాత గొంతు సగానికి తగ్గించి, ఇంకాస్త నెమ్మదిగా:

"టీచరుగారూ, ఉన్నాను. లైటు వెయ్యనా?"

ఆ వేళ పిలిచిందంటే చాలావరకు మంచం దిగడానికే. ఏం కావాలని అడిగి ఆలోచనలో పడేయడం కన్నా, అవసరమయ్యేదాన్ని ముందే చెప్పి ఔను, వద్దు అనిపించుకోవడం మేలు. ఆరు సెకన్లలో జవాబు రాకపోతే పగటిలా ఆగిపోకూడదు. ముందు లైటు వేసి, తరువాత ఇలా అనాలి:

"లైటు వేశాను. బాగానే ఉన్నారా? పక్కవాటా వాళ్లను పిలవనా?"

అప్పటికీ పలకకపోతే, అడగకుండానే పక్కవాటాలో బిగించిన గంట మోగించాలి. రథసప్తమి ముందటి రాత్రి మాత్రం ఈ భాగం అక్కరలేదు, ఆ రోజు ఆమె మూడింటికే లేచి అరసవల్లి బయలుదేరుతుంది కనుక పగటి మాటలే చాలు.

పిలుపుతో పాటు మూలుగు గాని, "పడిపోయాను" అన్న మాట గాని వినపడితే, ఏం చేయమంటారని అడగడమే అనవసరం:

"108కి ఫోన్ చేస్తున్నాను. పక్కవాటా గంట మోగిస్తున్నాను. వద్దంటే ఆపుతాను."

"ధైర్యంగా ఉండండి" వంటి ఓదార్పు మాటలు ఇక్కడ పెట్టవద్దు. పడిన మనిషికి కావలసింది ఎవరు వస్తున్నారన్న కబురు.

తుఫాను రోజుల కోసం ఒక మాట విడిగా రికార్డు చేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు జిల్లాలో కరెంటు తీగలు తెగి, ఫోన్లు మూగబోయి, ఎవరి క్షేమం ఎవరికీ తెలియని పరిస్థితి వచ్చింది; అలాంటప్పుడు చేయలేనిదాన్ని చేస్తానని చెప్పే యంత్రం ఇంట్లో లేకపోవడమే మంచిది. కాబట్టి కరెంటూ నెట్టూ రెండూ లేక, బ్యాటరీ మీద మేలుకున్నప్పుడు:

"టీచరుగారూ, ఫోన్ కలవదు. టైము చెప్పగలను, మందుల వేళ గుర్తుచేయగలను, పక్కవాటా గంట మోగించగలను. ఏది చేయమంటారు?"

ఇది మిగతావాటికన్నా పొడుగు, ఎనిమిది సెకన్లయినా పడుతుంది, అయినా కుదించవద్దు. ఫోన్ కలవదన్న మాట మాత్రం మొదటి మూడు సెకన్లలోనే వినపడాలి, చదివేవారు దాని తరువాత చిన్న విరామం ఇవ్వాలి.