ఉదయగిరి చెక్క గరిటెల వెబ్‌సైట్: అనుకున్న రోజు నుంచి తెరిచే రోజు దాకా 14 వారాలు

అక్కా, నమస్తే.

మొన్న ఉదయగిరిలో మీ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు "నెల రోజుల్లో అయిపోతుందా?" అని అడిగారు. లెక్క వేసి రాస్తానన్నాను. నెల చాలదక్కా, 14 వారాలు పడుతుంది. 2026 జూన్ 1 సోమవారం మొదలుపెడితే సెప్టెంబరు మొదటి వారంలో, వినాయక చవితికి ముందే సైట్ తెరుస్తాం.

ఇందులో నేను కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఆరు వారాలే. మిగతాదంతా ఫొటోలు, ధరలు, కాగితాలు, వాటి కోసం ఎదురుచూడటం. సైట్లు ఆలస్యమయ్యేది అక్కడే. అందుకే ఏ వారం ఎవరి చేతిలో ఉంటుందో కూడా రాశాను.

1వ వారం: ఏం అమ్మాలి, ఎవరికి అమ్మాలి

మీ దగ్గర గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, అట్లకాడలు అన్నీ కలిపితే చాలా రకాలున్నాయి. మొదట 40 రకాలే పెడదాం. ఏ 40 అన్నది మీరే తేల్చాలి. ఎక్కువ అడిగేవి, పదిమంది ఒకేసారి ఆర్డరిచ్చినా వారంలో చేసివ్వగలిగినవి రాయండి. హోటళ్లకు టోకుగా ఇచ్చే సంగతి ఇప్పుడు వద్దు. ఆ ధరలు వేరు, ఆ మాటలు ఫోన్‌లోనే తేలతాయి. నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీ వాట్సాప్‌లో పెడితే చాలు.

2వ వారం: పేరు, డొమైన్, హోస్టింగ్

డొమైన్ అంటే నెట్‌లో సైట్ చిరునామా, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు. డొమైన్ కొనడం అరగంట పని. వారం ఎందుకంటే, పేరు మీద మీ గుంపులో అందరూ ఒక మాట మీదకు రావాలి. పేరు చిన్నదిగా ఉండాలి, ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా టైప్ చేయగలగాలి. చివర `.in` పెట్టుకుందాం.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. డొమైన్ మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతోనే కొనాలి. నెల్లూరులో ఒక షాపువాళ్లకి సైట్ చేసిన అబ్బాయి డొమైన్ తన పేరు మీద కొన్నాడు. తర్వాత అతను వేరే ఊరెళ్లాడు, నంబరు మార్చాడు. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ చేసేవాళ్లు లేక సైట్ ఆగిపోయింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నేనేమీ చేయలేకపోయాను, కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మీకలా కాకూడదు. కొన్నాక ఈమెయిల్‌కి ఒక లింకు వస్తుంది, అదే రోజు నొక్కండి. మర్చిపోతే డొమైన్ ఆపేస్తారు.

2 నుంచి 5వ వారం దాకా: కాగితాలు

ఇది పక్కన నడుస్తూ ఉండే పని. పాన్, ఆధార్, అమ్మకాల డబ్బు పడే బ్యాంకు ఖాతా కావాలి. పాన్‌లో పేరు ఎలా ఉందో బ్యాంకులోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించండి. జీఎస్టీ సంగతి ఆడిటర్‌నే అడగండి. వేరే రాష్ట్రాలకు పంపేటప్పుడు, చేతివృత్తుల వస్తువులకు నిబంధనలు వేరుగా ఉంటాయి. నాకు తెలిసిన ముక్క చెప్పి మిమ్మల్ని ఇరికించను.

3 నుంచి 7వ వారం దాకా: ఫొటోలు, వివరాలు

అన్నిటికంటే పెద్ద పని ఇదే, ఇది మీ చేతుల్లోనే ఉంది. ఐదు వారాలు వేశాను. జూన్ చివర రొట్టెల పండగకు మీవాళ్లు సగం మంది నెల్లూరు వస్తారు కదా, ఆ వారం పని సాగదని ముందే కలుపుకున్నాను.

40 రకాలకు నాలుగేసి ఫొటోలంటే 160. రోజుకు నాలుగైదు రకాలకు మించి పెట్టుకోకండి, విసుగొచ్చి చివరివి పాడవుతాయి. మీరిచ్చిన పాయసం గరిటెను ఇంట్లో ట్యూబులైట్ కింద తీసి చూశాను. కర్ర గీతలు కనపడలేదు, ప్లాస్టిక్ ముక్కలా వచ్చింది. అదే గరిటెను పొద్దున ఎనిమిదింటికి వరండాలో, ఎండ నేరుగా పడని చోట తెల్ల పంచె మీద పెట్టి తీస్తే ఒక్కో గీత, కాడ చివర ఉలి తిరిగిన చోటు కూడా తెలిసింది. ఆ గీతలు చూసే కొంటారక్కా. మీ ఫోనే చాలు. ఒకటి మొత్తం గరిటె, ఒకటి దగ్గర నుంచి, ఒకటి చేతిలో పట్టుకుని, ఒకటి గిన్నెలో పెట్టి తీయండి. చేతిలో పట్టుకున్నది మానకండి, సైజు తెలిసేది దాంతోనే.

ప్రతి రకానికి పొడవు, బరువు, ఏ కర్ర, ధర, ఎలా కడగాలి, నూనె ఎప్పుడు రాయాలి అన్నవి కావాలి. మీరు మాట్లాడే మాటల్లోనే వాయిస్ మెసేజ్ పెట్టండి, రాసే పని నాది. డబ్బాలో పెట్టాక బరువు కూడా తూచండి, పోస్టు ఖర్చు దాని మీదే. మొదటి ఐదు రకాలు 3వ వారంలోనే నాకు చేరాలి.

4, 5 వారాలు: డిజైన్

ఆ ఐదు రకాలతో నమూనా చూపిస్తాను. మార్పులకు రెండు విడతలు. చూసేవాళ్లు పదిమంది ఉండొచ్చు, నాకు చెప్పేది మాత్రం మీరొక్కరే కావాలి.

6 నుంచి 9వ వారం దాకా: సైట్ కట్టడం

ఇది నా పని. ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటాయి, వాటిని 200 కేబీ లోపుకు తెస్తాను. లేకపోతే పల్లెలో సిగ్నల్‌కి పేజీ తెరుచుకోదు. మీరు వారానికొకసారి చూసి చెబితే చాలు.

9 నుంచి 11వ వారం దాకా: పేమెంట్ అనుమతి

యూపీఐ, కార్డులతో డబ్బు తీసుకోవాలంటే కొన్నవాళ్ల డబ్బు మీ ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వేవాళ్లు సైట్ చూసి ఒప్పుకోవాలి. డెలివరీ ఎన్ని రోజులు, వాపసు ఎలా, ప్రైవసీ, మీ చిరునామా, ఫోన్ నంబరు పేజీలు వాళ్లకి కనిపించాలి. అందుకే దీన్ని ముందుకు జరపలేను. అన్నీ సరిగ్గా ఉంటే త్వరగానే వస్తుంది, ఒక్క కాగితం తిరిగొస్తే ఇంకో వారం. మూడు వారాలు పెట్టాను. విరిగి వచ్చిన గరిటెకు కొత్తది ఇస్తారా, డబ్బు ఇస్తారా అన్నది 8వ వారం లోపు తేల్చండి.

10, 11 వారాలు: పరీక్ష

పాత ఫోన్లలో, చిన్న స్క్రీన్లలో చూస్తాను. అనుమతి రాగానే నిజం డబ్బు కట్టి నిజం ఆర్డర్లు పెడతాం. ఒకటి హైదరాబాద్‌కి, ఒకటి బెంగళూరుకి. పొడుగు కాడ గరిటెలు దారిలో ఏమవుతాయో పార్సిల్ విప్పిన మనిషే చెప్పాలి.

12, 13 వారాలు: తెలిసినవాళ్లకు మాత్రమే

పాతిక మందికి లింకు పంపుదాం. తప్పులు బయటపడేది ఇప్పుడే, సిగ్గుపడకుండా చెప్పమనండి. ఆర్డరొస్తే ఎవరు ప్యాక్ చేయాలి, ఎవరు పోస్టాఫీసుకు వెళ్లాలి అన్నది ఈ రెండు వారాల్లో మీకు అలవాటు పడాలి.

14వ వారం: ఆగస్టు 31 నుంచి

సెప్టెంబరు 2 బుధవారం అందరికీ తెరుద్దాం. శుక్రవారం తెరిచి ఏదైనా ఆగిపోతే శని, ఆదివారాలు సాయం దొరకదు. ఆ రోజే గూగుల్‌కి కూడా తెలియజేస్తాను. అయితే గూగుల్‌లో కనపడటానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. మొదటి నెల ఆర్డర్లు మీ వాట్సాప్ నుంచే వస్తాయి, గూగుల్ చూసి టెన్షన్ పడకండి.

ఫొటోలు వారం వెనకబడితే తెరిచే తేదీ కూడా వారం వెనక్కి పోతుంది. అలా అయితే 40 బదులు 25 రకాలతో తెరుద్దాం, తేదీ మార్చొద్దు.

జూన్ 1 పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ రెండూ పక్కన పెట్టుకోండి, పేర్లు అక్షరం అక్షరం కలిపి చూద్దాం.