విషయం: మార్చి 9 ఆదివారం ఓనర్ల మీటింగ్ మినిట్స్ – సవరణలు ఉంటే బుధవారం రాత్రి 9 లోపు చెప్పండి

గ్రహీతలు: 20 ఫ్లాట్ల ఓనర్లు
పంపిన తేదీ: 10 మార్చి 2025, సోమవారం

అందరికీ నమస్కారం.

నిన్న పార్కింగ్‌లో జరిగిన మీటింగ్‌లో ఏమనుకున్నామో, ఏ పని ఎవరు ఒప్పుకున్నారో, ఏ తేదీకల్లా చేస్తామన్నారో కింద రాశాను. నిరుడు మోటారు రీవైండింగ్ బిల్లు ₹14,800 దగ్గర ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరు సరేనన్నారో కాగితం మీద లేకపోవడంతో, మూడేళ్లుగా కలిసి వాకింగ్‌కు వెళ్లేవాళ్లు నెలన్నర పాటు మాట్లాడుకోలేదు. అది మళ్లీ జరగకూడదు. అందుకే ఒప్పుకున్న మాటతో పాటు ఒప్పుకోని మాట కూడా రాశాను.

ఉదయం 10:30కి మొదలై 12:50కి ముగిసింది. 16 ఫ్లాట్ల వాళ్లు పాల్గొన్నారు. 203 గారు డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు, అక్కడ అప్పటికి శనివారం రాత్రి 11. రానివాళ్లు 102, 305, 403, 502. ఇళ్లు చేతులు మారినా లెక్క తప్పకుండా పేర్ల బదులు ఫ్లాట్ నంబర్లే వాడాను.

1. బోరు

ఎక్కువ సమయం దీనికే పట్టింది. గేటు పక్క బోరు (750 అడుగులు) మోటారు వేశాక 40 నిమిషాలకే గాలి కొడుతోంది. ఆ సమయంలో స్టార్టర్ బాక్సులో ఆంప్స్ ముల్లు పడిపోవడం 202 గారు శనివారం వీడియో తీసి చూపించారు. వెనక బోరు ప్రస్తుతానికి బాగానే ఉంది.

401 గారు వెంటనే కొత్త బోరు వేయాలన్నారు. పక్క అపార్ట్‌మెంట్‌లో నిరుడు వేసిన కొత్త బోరుకు నీళ్లు పడలేదనీ, పైగా వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలనీ, ముందు ఉన్న బోరును ఫ్లషింగ్ చేయించి చూద్దామనీ 202 గారు చెప్పారు. చివరికి ముందు ఫ్లషింగ్ చేయించాలని 13 మంది, కొత్త బోరు వేయాలని ముగ్గురు (401, 303, 104) అన్నారు. తన అభ్యంతరం రికార్డులో ఉండాలని 401 గారు కోరారు. ఆయన మాటల్లోనే: "ఏప్రిల్‌లో నీళ్లు ఆగిపోతే అప్పుడు హడావిడిగా వేసే బోరుకు రెట్టింపు అవుతుంది."

ఫ్లషింగ్‌కు కనీసం రెండు కొటేషన్లు 202, 401 గార్లు కలిసి మార్చి 16 ఆదివారానికి తెస్తారు. ₹35,000 లోపు అయితే మళ్లీ మీటింగ్ అక్కర్లేదు, కోశాధికారి (301) ఆమోదిస్తే చాలు. దాటితే ఆపి గ్రూపులో అడగాలి. పని మార్చి 23కల్లా పూర్తి కావాలి. ఆ తర్వాత వారం రోజులు మోటారు ఎంతసేపు ఆగకుండా నీళ్లిస్తుందో వాచ్‌మన్ రోజూ పుస్తకంలో రాస్తాడు, ఆ పుస్తకం నేను చూసుకుంటాను. 60 నిమిషాలు దాటకపోతే కొత్త బోరు విషయం తర్వాతి మీటింగ్‌లో మొదటి అంశంగా వస్తుంది. ఈ 60 నిమిషాల కొలతకు 401 గారు కూడా ఒప్పుకున్నారు.

ఇంకుడు గుంత సంగతి 103 గారు లేవనెత్తారు. మన డాబా సుమారు 390 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు వాన పడితే 390 లీటర్లు, 20 మిల్లీమీటర్ల వానకు 7,800 లీటర్లు. ఇప్పుడదంతా పైపుల్లోంచి నేరుగా రోడ్డు మీది కాలువలోకి పోతోంది. ఇది విన్నాక ఎవరూ కాదనలేదు. ఖర్చు అంచనా 103 గారు ఏప్రిల్ 10కల్లా ఇస్తారు. అంచనాకు మాత్రమే ఒప్పుకున్నాం, ఖర్చుకు ఇంకా ఒప్పుకోలేదు.

2. డాబా మీది ట్యాంకు, 501 సీలింగ్

501 పడకగదిలో సీలింగ్ మీద తడి మరక చాప వెడల్పున పరుచుకుంది. నీళ్లు ట్యాంకువా, డాబా పగుళ్లవా అన్న అనుమానం తీరిపోయింది. గురువారం రాత్రి తూర్పు అర నింపి, వాల్వులన్నీ కట్టేసి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీశాం. తెల్లారేసరికి మట్టం నాలుగు వేళ్లు దిగింది. నేను, 204, 501 ముగ్గురం చూశాం. లీకు ట్యాంకుదే. కాబట్టి ట్యాంకు మరమ్మతు ఖర్చంతా సంఘానిదే, ఇందులో భిన్నాభిప్రాయం లేదు.

వాటర్‌ప్రూఫింగ్‌కు వచ్చిన ₹42,000 కొటేషన్‌ను ఆమోదించాం. అయిదేళ్ల గ్యారంటీ కాగితం మీద ఇస్తేనే చివరి సగం డబ్బు చెల్లించాలి. పని చేయించే బాధ్యత 204 గారిది, మార్చి 28 లోపు. ఉగాది 30న కాబట్టి ఇంటింటికీ చుట్టాలు వచ్చేసరికి రెండు అరలూ వాడకంలో ఉండాలి. మార్చి 24 నుంచి 27 వరకు ఉదయం 6–8, సాయంత్రం 6–8 మాత్రమే నీళ్లు. ఆ నోటీసు లిఫ్టు దగ్గర, గ్రూపులో మార్చి 21న నేను పెడతాను.

501 లోపలి పని గురించి స్పష్టంగా రాస్తున్నాను, రేపు మాట పడేది ఇక్కడే. ఫాల్స్ సీలింగ్‌లో పాడైన రెండు పలకలు మార్చడానికయ్యే ఖర్చు సంఘం ఇస్తుంది, ₹9,000 మించకుండా. గది మొత్తానికి పెయింట్ ఖర్చు తనదేనని 501 గారు అన్నారు. ఈ రెండు వాక్యాలూ మీటింగ్‌లోనే చదివి వినిపించాను, ఆమె సరేనన్నారు. తడి ఆరడానికి సమయం కావాలి కాబట్టి సీలింగ్ పని ఏప్రిల్ 20 లోపు.

3. ట్యాంకర్ల ఖర్చు పంపకం

నిరుడు మే నెలలో 46 ట్యాంకర్లకు ₹55,200 అయింది. సమానంగా పంచితే ఫ్లాటుకు ₹2,760. ఎస్‌ఎఫ్‌టీ లెక్కన అయితే 1,050 వాళ్లకు సుమారు ₹2,395, 1,450 వాళ్లకు ₹3,307. మనుషుల లెక్కన పంచాలని 104 గారు అడిగారు గానీ, నెలనెలా తలలు లెక్కపెట్టడం కుదరదని ఆయనే విరమించుకున్నారు. ఎస్‌ఎఫ్‌టీకి 10, సమానానికి 5, తటస్థం 1. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు ఎస్‌ఎఫ్‌టీ లెక్కే. పాత బిల్లులు తిరగదోడేది లేదు.

తాళం వేసిన ఫ్లాటుకు సగం తగ్గించమని 203 గారు అడిగారు. సభ ఒప్పుకోలేదు. పూర్తిగా కడతానని కాల్‌లోనే చెప్పారు, అందుకు ధన్యవాదాలు.

ప్రతి ట్యాంకర్ రసీదు ఫొటో అదే రోజు గ్రూపులో రావాలి. బాధ్యత 301 గారిది.

4. మిగతావి

లిఫ్టు ఏఎంసీ మార్చి 31తో అయిపోతుంది. పాతవాళ్లతోనే కొనసాగిస్తున్నాం, 302 గారు 25కల్లా సంతకాలు పూర్తి చేయిస్తారు.

మూడు ఫ్లాట్ల మెయింటెనెన్స్ బాకీ మొత్తం ₹27,000. ఏవో ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు విడిగా పంపాను. గడువు మార్చి 31.

వాచ్‌మన్ జీతం పెంపు మీద మాట తెగలేదు. ఎంత పెంచాలన్నది ఎవరూ అంకె చెప్పలేదు కాబట్టి "పెంచడానికి ఒప్పుకున్నాం" అని ఎవరూ అతనితో అనవద్దు. ఎండాకాలమంతా అర్ధరాత్రి ట్యాంకర్ల కోసం లేచేది అతనే, ఇది వచ్చే మీటింగ్ దాటకూడదని నా గట్టి మనవి. చుట్టుపక్కల ఎంతిస్తున్నారో నేనే కనుక్కుని చెబుతాను.

తర్వాతి మీటింగ్ ఏప్రిల్ 13 ఆదివారం ఉదయం 10:30కి, ఇదే చోట. 6న శ్రీరామనవమి కాబట్టి వారం జరిపాం.

పైన రాసినదాంట్లో మీ మాట తప్పుగా పడితే బుధవారం, మార్చి 12 రాత్రి 9 లోపు ఈ మెయిల్‌కే అందరికీ కనిపించేలా జవాబివ్వండి. ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు, వాట్సాప్‌లో అయినా అంతే. వచ్చిన సవరణలు కలిపి గురువారం తుది ప్రతి పంపి, ప్రింటు మినిట్స్ పుస్తకంలో అంటిస్తాను. రాని నలుగురికి కూడా గడువు ఇదే.

ఇట్లు,
కార్యదర్శి, ఫ్లాట్ 304
నిజాంపేట, హైదరాబాద్

జత చేసినవి: హాజరు పట్టిక ఫొటో, ట్యాంకు మీద సుద్ద గీత ఫొటోలు రెండు, వాటర్‌ప్రూఫింగ్ కొటేషన్