నా విలువలు: నా కోసం రాసుకున్న ఒక పుట

నా సమయం ఎటు పోతోంది?
మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో ఫోను చూడటానికే. చదువే ముఖ్యమని చెప్పుకునే మనిషి లక్షణం కాదిది.

దేనిలో రాజీ పడను?
నిజాయితీ అని రాయబోయి ఆగాను. పోయిన నెల ఆఫీసులో లెక్క తప్పింది నా వల్ల. మాట పడింది కొత్తగా చేరిన అబ్బాయి. నేను తల దించుకుని టీ తాగాను. అందుకే ఇలా రాస్తున్నాను: నా తప్పు అదే రోజు ఒప్పుకోవాలి. ఇది నాకున్న విలువ కాదు, కావలసినది.

ఎవరి దగ్గర నేర్చుకున్నాను?
అమ్మ. రైతుబజారులో ఎక్కువ వచ్చిన పది రూపాయలు తిరిగివ్వడానికి ఎండలో వెనక్కి నడిచింది. (నన్నూ నడిపించింది.)

మారానని ఎలా తెలుస్తుంది?
ముందు ఆ అబ్బాయితో మాట్లాడాలి. సోమవారమే.