రోడ్డు ప్రమాదంలో కుడి కాలికి అయిన గాయంపై వైద్య న్యాయ నివేదిక

గౌరవనీయ మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్, వరంగల్ వారికి

ట్రిబ్యునల్ వారి లేఖ ప్రకారం గాయపడిన వ్యక్తిని నేను 2026 ఫిబ్రవరి 12న, అంటే ప్రమాదం జరిగిన దాదాపు 15 నెలల తర్వాత, పరీక్షించాను. ఆయన వయసు 38 ఏళ్లు, ఏనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. పేరు, చిరునామా దావా పత్రాల్లో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. గుర్తింపు కార్డును, మెడకు ఎడమవైపున్న పుట్టుమచ్చను సరిచూసి, పరీక్ష ఉద్దేశం తెలుగులో వివరించి, సంతకంతో సమ్మతి తీసుకున్నాను. బావమరిది వెంట వచ్చినప్పటికీ, ప్రశ్నలకు సమాధానాలు ఆయన నోటి నుంచే విన్నాను. ప్రమాదం నాటి ఆసుపత్రి కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి పత్రం, ఆరు ఎక్స్‌రేలు చూశాను.

ఆయన చెప్పినదాని ప్రకారం 2024 నవంబర్ 18 సాయంత్రం సుమారు 7:40కి, హన్మకొండ నుంచి ములుగు వెళ్లే రోడ్డులో ఆత్మకూరు దగ్గర, బైక్‌పై ఇంటికి వెళ్తుండగా పత్తి లోడుతో ఉన్న ట్రాక్టర్ ట్రాలీ కుడివైపు నుంచి తగిలింది. ఈ వివరణకూ కాలిపై కనిపించే గాయానికీ పొంతన ఉంది. మొద్దుబారిన బలమైన వస్తువు కాలికి బయటివైపు నుంచి తగిలితే ఇలాంటి గాయం కావచ్చు. అయితే వాహనాల వేగం ఎంత, తప్పు ఎవరిది అన్న విషయాలు గాయాన్ని చూసి చెప్పగలిగేవి కావు, వాటిపై నేను అభిప్రాయం ఇవ్వడం లేదు. అడ్మిషన్ సమయంలో మద్యం వాసన లేదని, స్పృహలో ఉన్నాడని, తలకు గానీ పొట్టకు గానీ గాయం లేదని కేస్ షీట్‌లో నమోదైంది.

గాయం, చికిత్స

మొదటి ఎక్స్‌రేలో కుడి కాలి టిబియా, ఫిబులా రెండు ఎముకలూ మధ్యభాగం, కింది భాగం కలిసే చోట విరిగి ఉన్నాయి. ముందువైపు 4 సెంటీమీటర్ల గాయం ద్వారా విరిగిన చోటుకు దారి ఏర్పడినందున, దీన్ని ఆపరేషన్ చేసిన వైద్యుడు, చర్మం చిట్లిన ఎముక విరుపులను తీవ్రతను బట్టి విభజించే గస్టిలో వర్గీకరణలో రెండో రకంగా నమోదు చేశారు. ఉన్న వివరాలతో నేను దానితో ఏకీభవిస్తున్నాను. 19వ తేదీన గాయాన్ని కడిగి, చచ్చిన కణజాలం తొలగించి, టిబియాలో రాడ్ వేశారు. 29న డిశ్చార్జి చేశారు. చీము పట్టినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

ఎముక విరిగినందువల్ల భారతీయ న్యాయ సంహిత 2023లోని సెక్షన్ 116 ప్రకారం ఇది తీవ్రమైన గాయం కిందికి వస్తుంది.

ఎముక అతుక్కోవడం

టిబియా ముందు లోపలి అంచుపై కండరం ఉండదు, చర్మమే ఉంటుంది. పైగా ఆయనకు విరిగిన చోట రక్త సరఫరా తక్కువ. అందువల్ల చర్మం చిట్లని టిబియా గాయం సాధారణంగా నాలుగైదు నెలల్లో అతుక్కున్నా, చర్మం చిట్లిన గాయానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పట్టడం తరచూ కనిపిస్తుంది. ఆయన విషయంలో ఐదో నెల ఎక్స్‌రేలోనూ పగులు గీత స్పష్టంగా ఉండడంతో 2025 మేలో రాడ్‌కు ఒక చివరి స్క్రూలు తీసి, నడిచినప్పుడు ఎముకల కొసలపై బరువు పడేలా చేశారు. ఆగస్టు ఎక్స్‌రేలో నాలుగు వైపులలో మూడింటిలో పగులు గీతను దాటి కొత్త ఎముక వచ్చింది. నేను తీయించిన తాజా ఎక్స్‌రేలో పూర్తిగా అతుక్కుని ఉంది.

రోజుకు ఐదారు బీడీలు కాల్చేవాడినని, ప్రమాదం తర్వాత మానేశానని ఆయన స్వయంగా చెప్పారు. పొగ తాగడం ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఈ ఆలస్యంలో దాని వాటా ఎంత, గాయం తీవ్రత వాటా ఎంత అని విడదీసి చెప్పే కొలమానం నా దగ్గర లేదు. అయినా అది దాచిపెట్టదగిన విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పరీక్షలో కనిపించినవి

ఆయన కర్ర లేకుండా, కొద్దిగా కుంటుతూ నడుస్తారు. కుడి కాలు ఎడమ కాలి కంటే 1 సెంటీమీటర్ పొట్టి. నడుం ముందు ఎముక నుంచి లోపలి చీలమండ దాకా మూడుసార్లు కొలిచాను. మోకాలి కింద ఎముక బొడిపెకు 10 సెంటీమీటర్ల దిగువన పిక్క చుట్టుకొలత కుడివైపు 32.5, ఎడమవైపు 34.5 సెంటీమీటర్లు. ఇది నొప్పి వల్ల వాడకం తగ్గిందనడానికి నిదర్శనం, నటనతో రాదు. మోకాలు 135 డిగ్రీలకు బదులు 125 దాకా వంగుతోంది. పాదం పైకి లేచే కదలిక 20కి బదులు 10 డిగ్రీలు, కిందికి 45కి బదులు 40 డిగ్రీలు. పాదాన్ని పైకి లేపే కండరాల బలం 5కి 4. తుంటి సాధారణంగా ఉంది. మచ్చ చుట్టూ అరచేతిలో సగమంత చోట స్పర్శ మందంగా ఉంది. పాదంలో నాడి బాగుంది. కాలు 4 డిగ్రీలు వంకరగా అతుక్కుంది. ఇది ఆమోదించదగిన పరిమితిలోనే ఉంది. రెండు మోకాళ్లలోనూ సమానంగా తొలిదశ అరుగుదల ఉంది, అది ప్రమాదం వల్ల వచ్చింది కాదు.

చదునైన నేలపై, వాలుపై, మెట్లపై నడవగలరు. కానీ గొంతుకిళ్లా కూర్చోలేరు. పాదం పైకి 10 డిగ్రీలే లేవడంతో మడమ నేలపై ఆనదు. రాడ్ ఎక్కించిన మోకాలి చోట నొప్పి ఉన్నా, మడత పెట్టిన గుడ్డ వేసుకుని మోకరిల్లగలరు. అందుకే ఆ పనిని నష్టం కింద లెక్కించలేదు.

శాశ్వత వికలత్వం

కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం లెక్కించాను. కదలిక నష్టం మోకాలికి 7.4, చీలమండకు 23.1 శాతం, ఒక్కో కీలుకు 0.30 చొప్పున వర్తింపజేస్తే 2.2, 6.9, మొత్తం 9.1. చీలమండ బలం నష్టం సగటున 10 శాతం, అంటే 3. ఈ రెండూ కలిపితే 11.8. నిలకడలో గొంతుకిళ్లా కూర్చోలేకపోవడానికి 10. మొదటి అరంగుళం లోపు పొట్టితనానికి మార్గదర్శకాల్లో విలువ లేదు కనుక 1 సెంటీమీటర్ లెక్కలోకి రాదు. కలిపే సూత్రం ఇది, ఇందులో a పెద్ద విలువ, b చిన్న విలువ:

a + b(90 − a)/90

దీని ప్రకారం 20.5 వస్తుంది. కీళ్ల కోణాన్ని కొలిచే గోనియోమీటర్ కొలతల్లో ఐదు డిగ్రీల తేడా సహజం కాబట్టి దశాంశాన్ని నమ్మదగినదిగా భావించక, కుడి కాలికి శాశ్వత వికలత్వం 20 శాతం అని నిర్ధారిస్తున్నాను. ఇది ఒక కాలికి చెందిన శాతం, మొత్తం శరీరానికి కాదు. సంపాదన నష్టం శాతం ఇంకొకటి. దాన్ని నిర్ణయించే అధికారం ట్రిబ్యునల్‌దేనని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. నేను చెప్పగలిగింది ఇంతే: మిర్చి బస్తా ఎత్తాలంటే కిందికి వంగి, మడమలు ఆనించి, బరువుతో పైకి లేవాలి. అలా లేవడం ఆయనకు ఇప్పుడు సాధ్యపడదు. కూర్చుని చేసే పనికి, బరువు లేకుండా నడిచే పనికి కాలు అడ్డు కాదు.

ఏడాదికి పైగా గడిచి, ఎముక అతుక్కుని, చివరి నాలుగు నెలల నోట్స్‌లో కొలతలు మారనందున స్థితి స్థిరపడిందని భావిస్తున్నాను. విరుపు కీళ్ల లోపలికి వెళ్లలేదు కాబట్టి, ఈ గాయం వల్లే చీలమండ అరుగుదల వస్తుందని నేను చెప్పలేను. మోకాలి నొప్పి ఎక్కువైతే రాడ్ తీయించుకోవచ్చు. అది తప్పనిసరి కాదు, తీసినా నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

ఈ నివేదిక నేను స్వయంగా చూసిన విషయాలు, పైన చెప్పిన పత్రాల ఆధారంగా ఇచ్చాను. నన్ను ఎవరు పిలిచారన్నదానితో నా అభిప్రాయం మారదు. క్రాస్ ఎగ్జామినేషన్‌కు పిలిస్తే కొలతల నోట్స్‌తో హాజరవుతాను.

ఎముకల వైద్య నిపుణుడు, హన్మకొండ
2026 ఫిబ్రవరి 16