కొనుగోలు ఆర్డర్లు, ఆమోద పరిమితులు, సరుకు స్వీకరణ: దుకాణాలకు, సరఫరాదారులకు సర్క్యులర్

ట్రంకు రోడ్డు, మాగుంట లేఅవుట్, కావలి, ఒంగోలు దుకాణాల మేనేజర్లకు, గోదాము గుమస్తాలకు, లెక్కల విభాగానికి, మనకు సరుకు పంపే మిల్లులకు, పంపిణీదారులకు ఈ పద్ధతి వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వర్తిస్తుంది. ప్రధాన నియమం ఇది: ఆర్డరు నంబరు లేని సరుకును లారీ నుంచి దింపుకోము, గోదాము లెక్కలోకి రాని సరుకుకు డబ్బు చెల్లించము.

ఆర్డరు పుట్టే తీరు

ఏ సరుకు ఎంత కావాలో దుకాణం ఇండెంటు పెడుతుంది. కొనుగోలు విభాగం దాన్ని ఆ సరఫరాదారుతో కుదిరిన ధరల పట్టీతో సరిచూసి ఆర్డరుగా మారుస్తుంది. సరుకు పేరు, రకం, ఒక్కో ప్యాకింగు బరువు, సంఖ్య, పన్ను రేటు, చేర్చవలసిన దుకాణం, గడువు తేదీ అందులో ఉండాలి. "సన్న బియ్యం, వంద బస్తాలు" అని రాస్తే చెల్లదు. బీపీటీ 5204 కావాలో ఎన్‌ఎల్‌ఆర్ 34449 కావాలో, పాతవో కొత్తవో స్పష్టంగా రాయాలి.

బస్తా బరువు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్‌టీ పడుతుంది, అంతకు మించితే పడదు. 2022 జులై తర్వాత మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు విరివిగా రావడానికి కారణం అదే. ఆర్డరులో బస్తా అని మాత్రమే రాసి ఊరుకుంటే బరువులోనూ పన్నులోనూ తేడా వస్తుంది, ఆ తేడా చివరికి లెక్కల విభాగం నెత్తిన పడుతుంది.

ఎవరు ఎంతవరకు ఆమోదించవచ్చు

పన్నుతో కలిపి మొత్తం విలువ 25 వేల రూపాయల వరకు ఉంటే దుకాణం మేనేజరు, లక్షన్నర వరకు కొనుగోలు మేనేజరు, 5 లక్షల వరకు జనరల్ మేనేజరు ఆమోదిస్తారు. ఆపైన యజమాని సంతకంతో పాటు లెక్కల అధికారి సంతకమూ కావాలి. ఇండెంటు పెట్టిన వ్యక్తి తన ఆర్డరును తానే ఆమోదించకూడదు, అది వెయ్యి రూపాయల అగరుబత్తీలైనా సరే.

పరిమితిని తప్పించుకోవడానికి ఆర్డరును ముక్కలు చేయడం కుదరదు. ఒకే సరఫరాదారుకు ఒకే దుకాణం నుంచి వారం లోపు వెళ్లిన ఆర్డర్లన్నీ కలిపి ఒక్కటిగా లెక్కిస్తాము. 24,800, 24,600, 24,900 అని మూడు ఆర్డర్లు వరసగా కనిపిస్తే సంజాయిషీ అడగడానికి పెద్ద పరిశీలన అవసరం లేదు. ధర పట్టీ కన్నా ఎక్కువగా ఉన్నా, సరఫరాదారు కొత్తవారైనా, మొత్తం ఎంత చిన్నదైనా ఆర్డరు ఒక మెట్టు పైకి వెళ్తుంది. ఆమోదించే అధికారి సెలవులో ఉంటే పై అధికారి ఆమోదిస్తారు. పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పి వెళ్లడం సెలవు ఏర్పాటు కిందికి రాదు.

ఆమోదం తర్వాత సంఖ్య గానీ ధర గానీ మారితే పాత ఆమోదం రద్దవుతుంది. సవరించిన ఆర్డరుకు మళ్లీ సంతకం కావాలి.

సంక్రాంతి ముందు, రొట్టెల పండుగ రోజుల్లో ఫోనులో సరుకు చెప్పక తప్పదు. అలాంటప్పుడు ఆమోదించే అధికారి స్వయంగా చెప్పాలి, బండి మిల్లు దాటేలోపు ఆర్డరు నంబరు సరఫరాదారు ఫోనుకు చేరాలి. నంబరు అందకుండా బండి కదిలితే ఆ కిరాయి బాధ్యత సరఫరాదారుదే.

సరుకు దింపుకునేటప్పుడు

బిల్లు మీద ఆర్డరు నంబరు, సరఫరాదారు జీఎస్‌టీ నంబరు, ఆహార పదార్థాలైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. పన్ను వర్తించే సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు చూడాలి. ఆ తర్వాతే హమాలీలకు చెప్పండి.

గుమస్తా చేతికి ఇచ్చే ఆర్డరు ప్రతిలో సంఖ్యల గడి ఖాళీగా ఉంటుంది. ఇది కావాలని చేసిన ఏర్పాటు. ముందే వంద అని కనిపిస్తే తొంభై ఎనిమిదిని కూడా వందగా లెక్కపెట్టే అలవాటు మనుషులకు ఉంది. ప్యాకెట్ల సరుకును విడిగా లెక్కించాలి, విడి పప్పులను కాటా మీద తూచాలి. తరుగు అర శాతం వరకు ఒప్పుకుంటాము. ప్యాకెట్లలో ఒక్కటి తగ్గినా తగ్గినట్టే రాయాలి. ఆర్డరుకు మించి వచ్చింది తిరిగి వెళ్తుంది. పదికి ఒకటి ఉచితం లాంటి స్కీము సరుకును సున్నా ధరతో వేరే వరుసలో చూపాలి, బిల్లులో కలిపేయకూడదు.

లెక్క అయ్యాక స్వీకరణ పత్రం మీద గుమస్తా, డ్రైవరు ఇద్దరూ సంతకం చేయాలి. తడిసినవి, చిరిగినవి, గడువు దగ్గరపడినవి విడిగా రాసి ఫోటో తీయాలి. అదే రోజు కంప్యూటర్‌లో ఎక్కించాలి.

మూడు కాగితాలూ కలవాలి

ఆర్డరు, స్వీకరణ పత్రం, బిల్లు మూడింటినీ వరుస వరుసగా పోల్చిన తర్వాతే చెల్లింపు జరుగుతుంది. సంఖ్యకు స్వీకరణ పత్రం, ధరకు ఆర్డరు ప్రమాణం. బిల్లు సరఫరాదారు కోరుతున్నది మాత్రమే.

ఒక ఉదాహరణ. 26 కిలోల బియ్యం బస్తాలు 100, బస్తా 1,400 రూపాయల చొప్పున ఆర్డరు ఇచ్చాము. బండిలో 98 వచ్చాయి, వాటిలో ఒకటి తడిసింది, డ్రైవరుతోనే తిరిగి వెళ్లింది. బిల్లు మాత్రం 100 బస్తాలకు, 1,420 చొప్పున 1,42,000 అని ఉంది. మనం చెల్లించేది 97 బస్తాలకు 1,400 చొప్పున 1,35,800. తేడా 6,200. ఇందులో రాని, తిరిగిచ్చిన మూడు బస్తాల వాటా 4,260, ధర పెంచినందువల్ల వచ్చింది 1,940. ఈ రెండింటినీ విడివిడిగా చూపుతూ డెబిట్ నోటు పంపుతాము, సరఫరాదారు క్రెడిట్ నోటు ఇవ్వాలి. ధర నిజంగానే పెరిగిందని మిల్లు చెబితే ఆ మాట బండి బయలుదేరే ముందు రావాలి, బిల్లులో కాదు. వరుసకు రూపాయి లోపు తేడాను పైసల సర్దుబాటుగా వదిలేస్తాము.

తేడాల నోటీసును సరుకు చేరిన మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా పంపాలి. ఈ తొందరకు కారణం ఉంది. మైక్రో, స్మాల్ తయారీ యూనిట్ల విషయంలో 15 రోజుల్లోగా రాతపూర్వక అభ్యంతరం తెలపకపోతే సరుకు చేరిన రోజే దాన్ని అంగీకరించినట్టు చట్టం భావిస్తుంది. ఒప్పందం ఉన్నా వారికి 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే వడ్డీ పడుతుంది. ఆదాయపు పన్నులో ఆ ఖర్చు కూడా నిజంగా చెల్లించిన సంవత్సరానికి గానీ చూపుకోలేము. అందుకే తగాదా లేని 97 బస్తాల డబ్బు ఆపవద్దు, వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే పక్కన పెట్టండి.

పన్ను ఉన్న బిల్లులు జీఎస్‌టీఆర్-2బిలో కనిపించాకే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. పాత పెండింగు బిల్లుల జాబితాను లెక్కల విభాగం ప్రతి సోమవారం కొనుగోలు మేనేజరుకు ఇస్తుంది.

సరఫరాదారులు చెల్లింపుల సందేహాలను డెబిట్ నోటు నంబరుతో ట్రంకు రోడ్డు కార్యాలయంలో మంగళ, శుక్రవారాల్లో ఉదయం 11 నుంచి 1 గంట వరకు అడగవచ్చు. దుకాణం కౌంటరు దగ్గర బిల్లులు ఇవ్వవద్దు. అక్కడ ఇచ్చిన బిల్లుకు గడువు లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందన్న వాదన మళ్లీ మనందరి మీదికే వస్తుంది.